అడ్డుతెర ధర

పెళ్లిలో అడ్డుతెరకు ఉండే పని అయిదు నిమిషాలు. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని పెళ్లికూతురికీ పెళ్లికొడుక్కీ మధ్య నిలబడతారు. ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టించగానే తెర తీసేస్తారు. తర్వాత అది ఏ కుర్చీ మీద పడిందో, ఎవరి కాళ్ల కింద నలిగిందో ఎవరికీ పట్టదు. మా అక్క ఆ అయిదు నిమిషాల సరుకు తయారుచేసి బతుకుతుంది. రెండు గజాల పట్టులాంటి గుడ్డ మీద చిలకలూ అరటి చెట్లూ కలశాలూ రంగులతో వేసి, చుట్టూ జరీ లేసు కుడుతుంది. ఎడమ మూల చిలకను మాత్రం ఎప్పుడూ వెనక్కి చూస్తున్నట్టు వేస్తుంది. ఎందుకలా అని అడిగితే, "అన్నీ ముందుకే చూస్తే ఎవరు పలకరిస్తారే?" అంటుంది.

మా బావ థర్మల్ స్టేషన్‌లో కాంట్రాక్టు మీద వెల్డింగ్ పనిచేసేవాడు. ఒకరోజు పొద్దున్నే టిఫిన్ తింటూ ఛాతీ పట్టుకుని వాలిపోయాడు. కొండపల్లిలో అద్దెకుంటున్న రెండు గదుల పోర్షన్, కుట్టుమిషను, రంగు డబ్బాలు మిగిలాయి. పిల్లల్లేరు. అప్పటికే అక్క తెరలు గవర్నర్‌పేటలో ఒక పెళ్లి సామాను కొట్టుకు వేసేది. ఆ కొట్టు షావుకారు మర్యాదస్తుడు. మనిషి కనిపిస్తే చేతులు జోడిస్తాడు, ప్రతి మాటకీ అండీ తగిలిస్తాడు. తెరకు ఆరు వందలిచ్చేవాడు.

పదకొండో రోజు దాటి, నెల దాటి, అక్క మొదటిసారి సరుకు పట్టుకెళ్తే తోడుగా నేనూ వెళ్లాను. నేను అదే వీధిలో ఒక ట్యాక్స్ కన్సల్టెంటు ఆఫీసులో అకౌంట్లు చూస్తాను కాబట్టి మధ్యాహ్నం అన్నం మానేసి వెళ్లాను. షావుకారు అక్కను చూసి లేచి నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకున్నాడు.

"ఎంత ఘోరం జరిగిందమ్మా. మీరు మాత్రం పని మానకండి. కాకపోతే ఒక్క మాట, ఏమీ అనుకోవద్దు. మీరిలా ముందునుంచి రావద్దండి. ముహూర్తాల జనం కూర్చునుంటారు కదా. వెనక సందులో గోడౌన్ తలుపుంది, అక్కడ ఇచ్చేసి వెళ్లండి."

"అలాగేనండి," అంది అక్క.

"రేటు కూడా కొంచెం చూసుకోవాలమ్మా. ఎవరు చేశారని అడుగుతుంటారండి కొనేవాళ్లు. అయిదు వందలు చేసుకుందాం."

ఆయన బాధ చూస్తే, మా బావ పోయినందుకు నష్టపోయింది ఆయనే అనిపించేలా ఉంది. అక్క నుదుటి మీది కుంకుమ పోతే ఆయనకు వంద మిగిలింది. ఆ సందులో చెత్తబుట్టలు దాటుకుంటూ బయటికి వస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. అక్క మాత్రం చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నడిచింది, అంతే.

ఆన్‌లైన్‌లో పెడదామని నేనే అన్నాను. అక్కడ అమ్మేవాళ్ల మొహం ఎవరికీ కనబడదు. పార్సిల్ మీద కొట్టు పేరు, చిరునామా ఉంటాయి, నుదురు ఉండదు. ఈ మాట అనగానే అక్క మొహంలో ఎన్నో నెలల తర్వాత వెలుగు చూశాను. అక్కకు కావలసింది లక్షలు కాదు. ఆ వెనక సందులోకి మళ్లీ వెళ్లకుండా బతకడం కావాలి. తెరకు అయిదు వందల కంటే ఒక్క రూపాయి ఎక్కువ మిగిలినా చాలంది.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ నేనే చేయించాను, మా ఆఫీసులో రోజూ చేసే పనే కదా. ఫొటోలు తీశాం. ఇక ధర పెట్టాలి. శ్రావణానికి ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం కొండపల్లిలో అక్క ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్నాం. కరెంటు తయారుచేసే ఊళ్లో ఆ రోజు కూడా రెండుసార్లు కరెంటు పోయింది.

"కొట్టుకు అయిదొందలకిస్తున్నాం. దీంట్లో ఏడొందలు పెడదాం. రెండొందలు మనకే కదా," అంది అక్క.

అందరూ వేసే లెక్కే అది. నేను మొదట్నుంచీ మొదలుపెట్టాను. గుడ్డ, లేసు, రంగులు కలిపి మూడు వందల యాభై. అట్టపెట్టె, టేపు, ప్లాస్టిక్ కవరు ముప్ఫై. అక్క కూలి నూట యాభై.

"నా కూలేంటే? నేను ఇంట్లోనే ఉంటానుగా," అంది.

"షావుకారుకి కూడా అలాగే ఫ్రీగా కుట్టిస్తున్నావా?" అన్నాను.

మొత్తం అయిదు వందల ముప్ఫై. ఇప్పుడు ఆ ఆన్‌లైన్ కంపెనీ వాటా. మా సరుకు వర్గానికి కమీషన్ అమ్మిన ధరలో పన్నెండు శాతం. అది మనకు మిగిలిన దాని మీద కాదు, కొన్నవాళ్లు కట్టిన మొత్తం ధర మీద. ఆపైన ప్రతి ఆర్డరుకూ ముప్ఫై రూపాయల స్థిర ఫీజు. తర్వాత కొరియర్. ఇక్కడే అక్కకు అర్థం కాలేదు. తెర బరువు పెట్టెతో కలిపి ఆరు వందల గ్రాములు. కొరియర్ వాళ్లు పెట్టె ఎంత చోటు ఆక్రమిస్తుందో కూడా కొలుస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి అయిదు వేలతో భాగిస్తారు. అసలు బరువూ ఈ బరువూ రెంటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బులు. మా పెట్టె నలభై, ముప్ఫై, ఆరు. అంటే కిలోన్నర కింద లెక్క. చిన్న పెట్టెలో కుక్కితే మడతల దగ్గర రంగు పగులుతుంది. అలా కిలోన్నరకు నూట ముప్ఫై.

"గాలిక్కూడా డబ్బులా?" అంది అక్క.

"గాలికే డబ్బులు. తెరకి సగం కూడా కాదు."

ఈ ఫీజులన్నిటి మీదా పద్దెనిమిది శాతం జీఎస్టీ. మనం అమ్మిన ధరలోంచి కట్టాల్సిన అయిదు శాతం పన్నులో దాన్ని సర్దుకోవచ్చు, ఇంచుమించు సరికి సరి పోతుంది. కానీ ముందు చేతిలోంచి పోతుంది. ఇంకో ఏడెనిమిది రూపాయలు ఆదాయపన్ను పేరుతోనూ జీఎస్టీ పేరుతోనూ పట్టుకుంటారు, అవీ తర్వాత సర్దుబాటే. మొత్తం మీద ఏడు వందలు పెడితే అక్క కూలి నూట యాభైలో సగం పైగా చేతినుంచి పోతుంది. తొమ్మిది వందలు దాటితేనే కూలి గిట్టి, పైన యాభయ్యో అరవయ్యో మిగులుతుంది.

అక్క ఆలోచించింది. "అయితే తొమ్మిది వందల పదహార్లు పెట్టు. పెళ్లి సామాను కదా, పదహారుంటే బాగుంటుంది."

తొమ్మిది వందల పదహారుకి వేసి చూశాను. అన్నీ పోను, కూలి కూడా తీసేసి, అరవై మిగులుతుంది. అక్క తెరను ఒడిలోకి లాక్కుని లేసు కుట్టుకోవడం మొదలుపెట్టింది. ఆమె దృష్టిలో లెక్క అయిపోయింది.

"ఆగు, వాపసులున్నాయి," అన్నాను.

సూది ఆగింది. "ఏంటీ?"

"కొన్నవాళ్లు వెనక్కి పంపిస్తారక్కా. పది రోజుల్లోపు నచ్చలేదంటే చాలు, తీసుకోవాలి. మన వర్గానికి వద్దనే వీల్లేదు. కమీషన్, స్థిర ఫీజు తిరిగిచ్చేస్తారు గానీ వెళ్లిన కొరియర్ నూట ముప్ఫై, వచ్చిన కొరియర్ నూట యాభై, వాటి మీద పన్నూ మనమే భరించాలి. మూడు వందల ముప్ఫై. వాడేసి పంపితే తెర కూడా పోయినట్టే. అంటే ఒక్కటి వెనక్కొస్తే ఎనిమిది వందల అరవై గంగలో కలిసినట్టు. అయిదింటికి ఒకటి వస్తుందనుకుందాం. ఆ నష్టాన్ని మిగతా నాలుగు తెరలూ మోయాలి. అంటే ఆ అరవై మనకు మిగలాలంటే వెయ్యిన్నూట డెబ్భై నాలుగు పెట్టాలి. నీకు పదహారే కావాలంటే వెయ్యిన్నూట పదహార్లు పెట్టు, మిగిలేది ఏమీ ఉండదు గానీ నీ కూలి మాత్రం గిడుతుంది."

బాగా చెప్పాననే అనుకున్నాను. అక్క కళ్లెర్ర చేసింది.

"పెళ్లి సామాను పట్టుకుని వెనక్కొస్తుందంటావేంటే నువ్వు? బుద్ధుందా? శుభం పలకరా మంకెన్నా అంటే..."

అక్కడ ఆగిపోయింది. ఆ సామెత మిగతా సగంలో ఏముందో మా ఊళ్లో అందరికీ తెలుసు. పెళ్లికూతుర్ని తిడుతూ ఒక మాట వస్తుంది. ఆ మాటతో ఈ మధ్య అక్కను ఇద్దరు ముగ్గురు చాటుగా అన్నారు, నా చెవినా పడింది. తెర వైపు చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత నెమ్మదిగా చెప్పింది. పెళ్లి సామాను కొట్లలో ఎవరూ అలా లెక్కెయ్యరట. షావుకారు కొట్లో కూడా బోర్డుందట, పెళ్లి సామాను వాపసు తీసుకోబడదు అని. వెనక్కొస్తుందని తలచుకుని కుట్టిన తెర అడ్డుపెట్టుకుని ఎవరో పిల్ల కాపురం మొదలుపెట్టాలా అంది. ఆ వెయ్యిన్నూట పదహార్లలో పదహార్లున్నా సరే వద్దంది, అది వెనక్కొస్తుందని లెక్కేసి కట్టిన ధర కాబట్టి.

ఎవర్ని ముందుకు రావద్దని వెనక సందులోకి తోశారో, ఆ మనిషే శుభాశుభాల కాపలా కాస్తోంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె చేతి సరుకు ఆమె ఇష్టం. తొమ్మిది వందల పదహారే పెట్టాను.

శ్రావణం వచ్చింది. మొదటి ఆర్డరు హైదరాబాదు నుంచి, రెండోది బెంగుళూరులో ఉండే మనవాళ్లెవరో. అక్క ఫోను మోగితే చాలు, చేతికి రంగున్నా పరిగెత్తేది. పెట్టెలో తెర పెట్టి, పైన ఒక చిన్న పసుపు కుంకుమల పొట్లం పెట్టేది. ఖర్చు లెక్కలో అది లేదని నేనంటే, కొసరు లెక్కెట్టరంది. బావ పోయాక ఏ ఇంట్లోనూ ఎవరూ అక్క చేతికి కుంకుమ భరిణె అందించలేదు. ఆ ఒక్క నెలలో ముప్ఫై ఇళ్లకు తన చేత్తో పంపింది. కొరియర్ కుర్రాడు అక్కా అని పిలిచి టీ తాగి మరీ పార్సిళ్లు పట్టుకెళ్లేవాడు. నేను కూడా నా లెక్క తప్పయితే బాగుండునని కోరుకున్నాను. లెక్క తప్పాలని కోరుకున్న అకౌంటెంటును నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ముహూర్తాలు ముగిసిన వారానికి మొదటి పెట్టె వెనక్కి వచ్చింది. నేను వెళ్లేసరికి అక్క దాన్ని అరుగు మీదే ఉంచింది, ఇంట్లోకి తేలేదు. కారణం దగ్గర 'ఫొటోలో ఉన్నట్టు లేదు' అని ఉంది. విప్పాను. మడతల్లోంచి తలంబ్రాల బియ్యం రాలాయి. ఒక బంతిరేక. పై అంచు మీద జీలకర్ర బెల్లం అంటిన వేలి ముద్ర. అంత అందంగా పెళ్లి చేసుకుని, అంత చక్కగా మడతపెట్టి, తెరలో రంగు బాగా లేదని పంపారు.

"ఎవరో పిల్ల వేలే అది," అంది అక్క. దాన్ని ముట్టుకోలేదు.

పెళ్లికి ఎన్ని లక్షలు పెట్టారో నాకు తెలియదు. ఫొటోగ్రాఫరుకూ, డ్రోనుకూ, స్టేజీకీ ఇచ్చే ఉంటారు. తొమ్మిది వందల పదహార్ల దగ్గర వాళ్లకు పొదుపు గుర్తొచ్చింది. కక్కుర్తికి కూడా ఒక ముహూర్తం ఉంటుంది కాబోలు.

పరిహారం కోసం అర్జీ పెట్టాను. పెట్టె విప్పుతున్నప్పుడు వీడియో తీశారా అన్నారు. తీయలేదు, పెళ్లి సామాను ఎవరైనా అలా పంపుతారని మాకు తెలియదు కదా. తర్వాతి పెట్టెలన్నీ వీడియో తీస్తూ విప్పాం. వాటికి కూడా, మరక మీ రంగుదో వాడకం వల్ల పడిందో తేల్చలేమని జవాబొచ్చింది. జవాబు చివర మా సహనానికి ధన్యవాదాలు చెప్పారు.

ముప్ఫై తెరలు వెళ్లాయి, ఆరు తిరిగొచ్చాయి. అయిదింటికి ఒకటి. అన్నీ వాడినవే. తర్వాతి చెల్లింపులో మాకు రావలసిన డబ్బు పోయి, ఎదురు మేమే బాకీ ఉన్నట్టు చూపించింది, వాపసుల కొరియర్ ఖర్చులు ఆ ఒక్క వారంలోనే పడ్డాయి కాబట్టి. అంతా సర్దుకున్నాక కూర్చుని వేశాను. అమ్ముడైన ఇరవై నాలుగు తెరల్లో ఒక్కోదానికి గుడ్డా గుట్రా పోను రెండు వందల పది. పోయిన ఆరింటికీ ఒక్కోదానికి ఏడు వందల పది బొక్క. ముప్ఫై తెరలు కుట్టి, రంగులేసి, నడుం పడిపోయేలా పనిచేస్తే అక్క చేతికి మిగిలింది ఏడు వందల ఎనభై. అదే సరుకు వెనక సందులో ఇచ్చుంటే గుడ్డ ఖర్చు పోను నాలుగున్నర వేలు మిగిలేవి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారే, అలా ఉంది.

నేను ముందే చెప్పానని అనలేదు. అనాలని నాలుక చివరిదాకా వచ్చింది గానీ, ఆ ఏడు వందల ఎనభైని అక్క మూడు వందలూ నాలుగు వందలుగా విడదీసి అద్దెకింత, పాలకింత అంటుంటే నోరు రాలేదు.

తిరిగొచ్చిన ప్రతి తెరకూ అక్క కింది కుడి మూల లేసు బొటనవేలంత కత్తిరించింది, కొత్తవాటిలో కలవకుండా. వాడిన తెర ఇంకో పెళ్లికి వెళ్లకూడదట. ఉతికితే రంగు పోతుంది, పారెయ్యడానికి మనసు రాదు. ఆరూ మంచం కింద పెట్టింది. ఆన్‌లైన్‌లో 'సరుకు లేదు' అని పెట్టించింది. మళ్లీ గవర్నర్‌పేట వెనక సందు మొదలైంది.

షావుకారు సంగతి తెలుసుకుని నొచ్చుకున్నాడు. ఆయన నొచ్చుకోవడంలో ఎప్పుడూ లోటు చెయ్యడు. "మాఘమాసానికి గుడ్డ కొనాలి కదమ్మా మీకు. ఆ ఆరూ తెచ్చి ఇచ్చెయ్యండి, ఒక్కోదానికి నూట యాభై ఇస్తాను," అన్నాడు.

"అవి వాడినవండి. పెళ్లికి పనికిరావు," అంది అక్క.

"తెలుసమ్మా. స్టేజీ డెకరేషన్ వాళ్లకిస్తానండి, వెనకాల ఎక్కడో కట్టుకుంటారు."

"పెళ్లికి ఇవ్వనని మాటివ్వండి."

"అయ్యో, ఎంత మాట! నేను పెళ్లి సామాను అమ్ముకునేవాణ్ణి, నాకు తెలీదామ్మా?" అని గోడ మీది దేవుడి పటం వైపు చెయ్యి చూపించాడు. అక్క నమ్మింది. తొమ్మిది వందలు తీసుకుని గుడ్డ కొంది.

మాఘంలో మైలవరంలో మా పెదనాన్న మనవరాలి పెళ్లి. పిలిచారు కాబట్టి వెళ్లాం. అక్కను చూసి అందరూ రా రా అన్నారు. పీటల దగ్గరికి మాత్రం ఎవరూ రమ్మనలేదు. అక్క ఎవరూ చెప్పకుండానే వెనక వరసలో, వంటల వైపు గుమ్మం పక్కన కూర్చుంది. నేను పక్కనే కూర్చున్నాను. నన్ను మాత్రం రెండు మూడుసార్లు కేకేసి పిలిచారు, ముందుకొచ్చి అక్షింతలు పట్టుకోమని. నేను కదల్లేదు.

ముహూర్తం దగ్గరపడింది. మేనమామలిద్దరూ తెర పట్టుకుని నిలబడ్డారు. మావైపు తెర ఎడమ మూల కనబడింది. అక్కడ ఒక చిలక వెనక్కి చూస్తోంది. నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. గోడౌన్‌లో ఇచ్చిన కొత్తవాటిలో ఒకటయ్యుండొచ్చు కదా అనుకున్నాను. అక్క కుడి మూల వైపు చూస్తోంది. అక్కడ లేసు లేదు. బొటనవేలంత ఖాళీ, దాన్ని కప్పుతూ ఎవరో ఒక పూసల గుత్తి కుట్టారు. పై అంచున వేలి ముద్ర ఉన్నచోట మెరిసే చెమ్కీ బిళ్ల అతికించి ఉంది.

మేళం గట్టిగా వాయించారు. జీలకర్ర బెల్లం పెట్టించారు. తెర తీసేశారు. అందరూ అక్షింతలు చల్లారు. అక్క చేతిలో అక్షింతలు లేవు, ఎవరూ ఇవ్వలేదు.

భోజనాల దగ్గర పెళ్లికూతురి తండ్రి, మాకు అన్న వరస, విస్తళ్లు చూసుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. నేనే అడిగాను. "తెర బాగుందన్నయ్యా, ఎక్కడ కొన్నారు?"

"గవర్నర్‌పేటలో. ఆ షావుకారు చాలా పద్ధతి మనిషి. వెయ్యిన్నూట పదహార్లన్నాడు. శుభమా అని తీసుకుంటూ బేరమేంటని మారు మాట్లాడకుండా ఇచ్చేశాను," అన్నాడు. "వడ్డించండ్రా ఇక్కడ, అప్పడం లేదు," అని కేకేసి వెళ్లిపోయాడు.

అదే వెయ్యిన్నూట పదహార్లు. నూట యాభైకి కొన్న వాడిన తెర. కమీషన్ లేదు, గాలికి డబ్బుల్లేవు, వాపసు లేదు, ఎందుకంటే గోడ మీద బోర్డుంది. అశుభమని అక్కను వెనక సందులోకి పంపినవాడు ఒక పెళ్లిలో వాడేసిన తెరను ఇంకో పెళ్లికి అమ్మాడు, అదీ అక్క సొంత మనుషులకే. లేచి అందరి ముందూ చెప్పేద్దామనుకున్నాను. అక్క నా మోకాలు మీద చెయ్యి వేసి నొక్కింది. "పెళ్లికూతురు వింటుంది," అంది. అన్నం కలుపుకుంది గానీ తినలేదు.

సాయంత్రం బస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. కొండపల్లి దాకా మాట్లాడదనుకున్నాను. మైలవరం దాటగానే అంది.

"నీ ధరేగా అది."

"ఊఁ."

"నేను పెట్టొద్దన్న ధర. ఆయన పెట్టుకున్నాడు."

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఏడుపు వస్తోంది, అక్క ముందు ఏడవకూడదని. కాసేపటికి అక్క నా చేతిసంచి మీద తట్టింది.

"ఫోను తియ్యి. తెర మళ్లీ పెట్టు."

తెరిచాను. సరుకు ఉంది అని మార్చాను. ధర గడిలో ఇంకా తొమ్మిది వందల పదహారే ఉంది.

"ఎంత పెట్టను? వెయ్యిన్నూట పదహార్లా?"

"పదహార్లొద్దు. నువ్వు ఆ రోజు ఇంకోటి చెప్పావుగా."

"వెయ్యిన్నూట డెబ్భై నాలుగు. ఆ ధరకి ఆర్డర్లు తగ్గిపోతాయక్కా. ఎనిమిది వందలకి మిషను మీద అచ్చేసిన తెరలు బోలెడున్నాయి."

"తగ్గనీ."

అంకెలు కొట్టాను. అక్క వంగి స్క్రీను వైపు చూసింది. ఒక్కో అంకే చూసింది. ఆ తర్వాత ఏ పెళ్లి ఇంట్లోనూ ఎవరూ అనకూడని మాట, ఆ రోజు నేనంటే తనే తిట్టిన మాట, మామూలు గొంతుతో అంది.

"వస్తాయే. వెనక్కొస్తాయి. లెక్క రాసుకో."